షీటు నాది, శభాష్ ఆయనకు

ప్రశ్న: మాది అనంతపురం. డ్రిప్పు పరికరాలు అమ్మి సర్వీసు చేసే ఒక సంస్థ జిల్లా ఆఫీసులో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. రైతుల కంప్లైంట్లు మునుపు నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లం. పోయిన జూన్‌లో నేను వాటన్నిటినీ గూగుల్ షీటులోకి ఎక్కించి, మెకానిక్కులు ఏ రోజు ఏ మండలానికి పోవాలో అందులోనే తేలేటట్టు చేశాను. అప్పుడు 64 పెండింగు ఉండేవి, జనవరికి 19కి వచ్చాయి. నాకంటే నాలుగేళ్లు సీనియరైన అన్న ఒకాయన చూస్తానంటే ఆ షీటు వాట్సాప్‌లో పంపాను. ఫిబ్రవరిలో కర్నూలు నుంచి జోనల్ మేనేజరు వచ్చినప్పుడు ఆయన దాన్ని తెర మీద వేసి, "నేను ఒక సిస్టమ్ తయారు చేశాను సార్" అన్నాడు. సార్ అందరి ముందర ఆయన్ను మెచ్చుకున్నాడు. నేను అక్కడే ఉన్నా నోరు రాలేదు. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్లు. ఆ అన్నది మా పక్క ఊరే, మా ఇంట్లోవాళ్లకూ తెలుసు. గొడవ పెట్టుకోవాలా, ఊరుకోవాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆ రోజు నోరు రాకపోవడమే మేలైందంటే మీకు కోపం రావచ్చు. నాకు నోరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట కర్నూలులో ఒక విత్తనాల కంపెనీలో చేసేటప్పుడు, డీలర్ల బాకీల లెక్క మూడు వారాలు కూర్చుని నేను తేలిస్తే, మీటింగులో పక్క సీటాయన చదివి వినిపించాడు. నేను లేచి నిలబడి "సార్, అది నేను చేసింది" అన్నాను. గది అంతా నిశ్శబ్దం. పైనుంచి వచ్చిన అధికారి ఇద్దరినీ చూసి, "సరేలేమ్మా, ఇద్దరూ కలిసే కదా చేసింది" అని తర్వాతి విషయానికి పోయాడు. అంతే. అంతవరకు ఎవరిదో తేలని పని కాస్తా ఆ ఒక్క మాటతో అధికారికంగా సగం ఆయనదైపోయింది. పైగా నెల రోజులు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చోవడానికి జంకారు. బయటివాళ్ల ముందు తగవు వస్తే ఏ పెద్దమనిషైనా ముందు తగవును ఆపుతాడు. న్యాయం సంగతి తర్వాత.

మీకింకా ఆ తలుపు మూసుకుపోలేదు. ఏప్రిల్‌కు టైముంది. గొడవా మౌనమా అని రెండే దారులు పెట్టుకున్నారు. మధ్యలో ఉన్న దారి కొంచెం ఓపికతో నడవాల్సింది, అందులో మొదటి పని కాగితం మీద, రెండో పని ఆ అన్నతో.

దానికంటే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆయన ఆ రోజు సరిగ్గా ఏమన్నాడు? సీనియర్లు ఆఫీసు తరఫున పని చూపించడం మామూలే. "మేము చేశాం సార్" అంటే మీ పేరు ఎత్తలేదన్న బాధ ఉంటుందేగానీ దాన్ని దొంగతనం అనలేం. "నేను తయారు చేశాను" అంటే వేరు. మీకు "నేను" అనే గుర్తుంది. అయినా ఆ రోజు గదిలో ఉన్న ఇంకొకర్ని, మీకు నమ్మకమైన మనిషిని, మామూలుగా అడగండి: "ఆ రోజు అన్న షీటు గురించి ఏం చెప్పాడు, నాకు సరిగా వినపడలేదు." మీరేం అనుకుంటున్నారో ముందు చెప్పకుండా అడగండి. కోపంలో విన్న మాట మనసులో రోజుకో రకంగా పెరుగుతుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఆ ఒక్క మాట తప్పుగా చెప్పారంటే, మిగతా సంభాషణంతా దాని మీదే నడుస్తుంది.

ఇక కాగితం. ఆధారాలు అనగానే అందరూ స్క్రీన్‌షాట్లు తీసి ఫోన్‌లో దాచుకుంటారు. అవి ఎక్కువగా పనికిరావు. మీ షీటు గూగుల్‌లో ఉంది కాబట్టి అంతకంటే గట్టిది ఇప్పటికే ఉంది. కంప్యూటర్‌లో షీటు తెరిచి, పైన File > Version history > See version history నొక్కండి. కుడి పక్కన తేదీలవారీగా ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పేర్లతో వస్తుంది. జూన్‌లో మొదటిసారి తెరిచిన రోజు, నిలువు వరసలు పెట్టిన రోజు, మండలాల వరస మార్చిన రోజు, దాదాపు అన్నీ ఉంటాయి. ఏదైనా ఒక గడి మీద రైట్ క్లిక్ చేసి Show edit history నొక్కితే ఆ గడిని ఎవరు మార్చారో కూడా చూపిస్తుంది. ముఖ్యమైన రోజుల వెర్షన్లకు అక్కడే పేర్లు పెట్టుకోండి, తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఈ చరిత్ర ఎడిట్ చేసే హక్కు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది, చూడటానికి మాత్రమే పంపిన లింకుతో కనపడదు. రెండోది, ఎవరైనా Make a copy కొట్టినా, ఎక్సెల్ ఫైలుగా దించుకున్నా, ఆ కొత్త ఫైలులో పాత చరిత్ర ఉండదు. ఆయన తెర మీద వేసింది అలాంటి కాపీనే అయ్యుంటుంది. అందుకని ఆయన ఫైలులో మీ పేరు లేదని కంగారు పడకండి, మీ అసలు షీటు మీ దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. ఎక్సెల్‌లో File > Info లో Author అని కనిపించేదాన్ని మాత్రం నమ్ముకోవద్దు. అక్కడ చాలాసార్లు ఆ కంప్యూటర్‌లో ఆఫీస్ ఎవరి పేరు మీద పెట్టారో ఆ పేరు వస్తుంది. ఆఫీసు కంప్యూటర్ నలుగురు వాడేదైతే ఇక చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆధారం కోసమని ఆ షీటును మీ సొంత మెయిలుకు పంపుకోవద్దు. అందులో రైతుల ఫోన్ నంబర్లుంటాయి, అది సంస్థ సమాచారం. రేపు మీ పని గురించి మాట్లాడాల్సిన చోట మీరు ఫైలు బయటికి పంపారన్న మాట ముందుకొస్తే, మీ న్యాయం కాస్తా మీ తప్పయి కూర్చుంటుంది. అలాగే ఆ అన్న మాటలు చాటుగా రికార్డు చేయడం కూడా వద్దు. ఆ సంగతి బయటపడితే ఆఫీసులో అందరూ మీ ముందర నోరు మూసుకుంటారు.

ఇప్పుడు అసలైన రాత. ఈ ఆదివారం తెల్లకాగితం తీసుకుని ఒక పేజీ రాయండి. పేజీ దాటొద్దు. ఎడమ పక్కన తేదీ, మధ్యలో చేసిన పని, కుడి పక్కన "ఎందుకలా చేశాను". ఈ మూడోదే ప్రాణం. ఫైలు ఎవరైనా కాపీ కొట్టుకోవచ్చు, అందులోని ప్రతి గీత ఎందుకు అక్కడుందో మాత్రం చేసినవాళ్లకే తెలుస్తుంది.

మీ షీటు నేను చూడలేదు, కానీ డ్రిప్పు సర్వీసు పని కొంత దగ్గరి నుంచి చూశాను కాబట్టి మీరు చేసి ఉండేవి కొన్ని ఊహించగలను. చీనీ తోట రైతు ఫోన్ చేసి "నీళ్లు సరిగా రాలేదు" అంటాడు. నోటుపుస్తకంలో అన్నీ "లేటరల్ బ్లాక్" అనే పడి ఉంటాయి. కానీ మొక్కల వరస వెంట పరిచే ఆ సన్న పైపు, లేటరల్, ఎన్ని రకాలుగా మూసుకుపోతుందో మీకు తెలుసు. బోరు నీళ్లలో ఉప్పులెక్కువైతే డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లటి పొర కడుతుంది, దానికి యాసిడ్ ట్రీట్‌మెంట్ కావాలి. పాచి పడితే క్లోరిన్. ఇసుక చేరితే ఫిల్టరు విప్పి కడిగి, లేటరల్ చివరి మూతలు తీసి నీళ్లు వదిలితే సరిపోతుంది. ఈ మూడింటికీ ఒకే పేరు రాస్తే, మెకానిక్ వట్టి చేతులతో నార్పలకు పోయి, చూసి, యాసిడ్ కోసం తిరిగొచ్చి, మళ్లీ రెండో రోజు పోతాడు. అది విడగొట్టి రాసే నిలువు వరస ఒకటి మీరు పెట్టి ఉంటే, పెండింగు తగ్గడంలో సగం వాటా దానిదే. అలాంటి నిర్ణయాలు మూడో నాలుగో ఏరుకోండి. ఉదాహరణకు ఇట్లా:

"జూలై 8: 'లేటరల్ బ్లాక్' బదులు ఉప్పు, పాచి, ఇసుక అని మూడుగా విడగొట్టాను. ఎందుకంటే ఒకే తోటకు రెండుసార్లు పోవాల్సి వస్తున్నది."

"జూలై 22: మండలాలను రోడ్ల ప్రకారం కలిపాను. గార్లదిన్నె, పామిడి ఒక రోజు. కూడేరు, ఉరవకొండ ఒక రోజు. అంతకు ముందు వరుస నంబరు ప్రకారం పోయేవాళ్లు, పొద్దున పామిడి, మధ్యాహ్నం ఉరవకొండ అయ్యేది."

"ఆగస్టు 5: మెకానిక్ 'అయిపోయింది' అన్న రోజు కాకుండా, రెండు రోజుల తర్వాత రైతుకు ఫోన్ చేసి సరేనన్నాకే కంప్లైంటు మూసేటట్టు మార్చాను. ఆ వారం పెండింగు తగ్గకపోగా పెరిగింది, కారణం ఇదే."

ఆ తేదీలు నేను నమూనాకు వేశాను, మీవి వెర్షన్ చరిత్రలో చూసి వేసుకోండి. గుర్తున్నంతలో రాస్తే ఏదో ఒకటి తప్పు పడుతుంది. మూడో నమూనాలో పెండింగు పెరిగిన వారం గురించి కూడా రాశాను, చూశారా? పని చేసినవాళ్లకు మాత్రమే తెలిసే చెడ్డ వారం అది. పొగడ్త తీసుకున్నాయన అలాంటిది చెప్పలేడు, చెప్పడు కూడా. ఆయన చేసిన పని ఏదైనా ఉంటే అదీ ఆ పేజీలోనే రాయండి. సెప్టెంబరులో ఒక మండలం వివరాలు ఎక్కించి ఉండొచ్చు, జోనల్ సార్‌కు చూపించేటట్టు రంగులు వేసి ఉండొచ్చు. మీరే ముందుగా రాసి పెట్టుకుంటే, రేపు ఆయన "నేనూ చేశాను కదా" అన్నప్పుడు మీరు తడబడరు.

ఈ పేజీ ఎవరికీ పంపొద్దు. మీరు మాట్లాడేటప్పుడు గొంతు వణక్కుండా ఉండటానికి అది.

రాయడంలో రెండో సగం ఇకముందు సంగతి. మీ చిక్కు ఎక్కడ మొదలైందో చూడండి, షీటు వాట్సాప్‌లో ఒక్కరికే పోయింది. మన చిన్న ఆఫీసుల్లో పనులు చేతులు మారేది అక్కడే. ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డ్ అవుతూ పోయి, చివర పెద్దసార్‌కు ఎవరి ఫోన్ నుంచి చేరితే పని వాళ్లదవుతుంది. అందులో కుట్ర లేని రోజులూ ఉంటాయి, సార్ ఫోన్‌లో పైన కనపడే పేరు అదే, అంతే. కాబట్టి ఈ శుక్రవారం నుంచి మీ మేనేజరుకు వారానికొక చిన్న మెయిలు పెట్టండి, ఆ అన్నను కూడా సీసీలో ఉంచండి. ఆరు లైన్లు మించొద్దు. ఇంత చాలు:

"సార్, ఈ వారం కొత్తగా వచ్చినవి 14, మూసినవి 17, పెండింగు 16. ఉప్పు కంప్లైంట్లు నార్పల వైపు పెరిగాయి, యాసిడ్ క్యాన్లు రెండు ఎక్కువ కావాలి. షీటులో ఈ వారం నేను బోరు లోతు అని ఒక వరస చేర్చాను, రైతులను ఫోన్‌లో అడిగి నింపుతున్నాను. వచ్చే శుక్రవారానికి పుట్లూరు మండలం పూర్తవుతుంది. లింకు కింద ఉంది."

ఇందులో ఎక్కడా "ఇది నా పని" అనే మాట లేదు. నేను చేర్చాను, నేను నింపుతున్నాను అని క్రియలున్నాయి, మీ పేరు మీద మెయిలు ఉంది, తేదీ ఉంది. ఎనిమిది వారాలు గడిచేసరికి ఈ షీటు గురించి సందేహం వస్తే సార్ ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకే అలవాటవుతుంది. ఫైలు జతచేయకుండా లింకు పెట్టమనడానికి కారణం కూడా ఉంది: లింకు అసలు షీటుకే తీసుకుపోతుంది, జతచేసిన ఫైలు మళ్లీ ఊరంతా తిరుగుతుంది. రెండు తప్పులు మాత్రం చేయకండి. రోజూ మెయిలు పెట్టకండి, చదవడం మానేస్తారు. ఫిబ్రవరి మీటింగు ఊసు అందులో ఎత్తకండి, ఎత్తిన రోజు నుంచి అది రిపోర్టు కాక ఫిర్యాదు అవుతుంది.

ఇప్పుడు ఆయనతో మాట. మీకు నిద్ర పట్టనిది దీని గురించే అనుకుంటాను. "అన్నా" అని పిలిచే మనిషిని నిలదీయడం మన వైపు నిజంగానే కష్టం. కానీ ఆ పిలుపు మీకు అడ్డమే అనుకోకండి, అందులో మీకు ఒక చనువు కూడా ఉంది. సార్‌ను అడగలేని మాట అన్నను అడగొచ్చు. ఇంట్లోవాళ్లను మాత్రం మధ్యలోకి తేవద్దు. మీ నాన్న ఆయన నాన్నతో ఒక మాట అన్నారంటే, అది ఆఫీసు సంగతి దాటి రెండు ఊళ్ల సంగతి అవుతుంది.

చోటు చూసుకోండి. మెకానిక్కులు నిలబడే టీ బంకు దగ్గర వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. శనివారం మధ్యాహ్నం ఫీల్డు పని తక్కువగా ఉన్నప్పుడు, ఆఫీసులోనే, అద్దాల గదిలోనో స్టోరు దగ్గరో, నలుగురికీ కనపడుతూ ఎవరికీ వినపడని చోటు చాలు. పొద్దునే "అన్నా, షీటు గురించి పది నిమిషాలు మాట్లాడాలి, భోజనం తర్వాత ఖాళీయా?" అని చెప్పి పెట్టండి. ఉన్నట్టుండి పట్టుకుంటే ఏ మనిషైనా ముందు తనను కాపాడుకోవడానికి చూస్తాడు.

మొదటి మాట ఏమిటన్నదే కష్టం. "మీరు నా పని మీ పేరు మీద వేసుకున్నారు" అంటే ఆయనకు ఒకే దారి మిగులుతుంది, కాదనడం. జరిగింది, మీకు తగిలింది, మీరు అడిగేది, ఈ మూడు వరసగా చెప్పండి. చెప్పుకోవడానికి ఇట్లా ఉంటుంది:

"అన్నా, ఫిబ్రవరి మీటింగులో షీటు మీరు చూపించినారు. 'నేను తయారు చేశాను' అన్నారు. జూన్ నుంచి అది చేసింది నేను, మీకూ తెలుసు. నాకు బాధైంది. వచ్చే మీటింగులో దాన్ని నేను చూపిస్తా."

అంతే చెప్పి ఆగండి. ఆ ఆగడమే చాలామంది చేయలేరు. నిశ్శబ్దం భరించలేక మనమే "పర్లేదులే అన్నా, మీరు కావాలని చేయలేదులే" అని ఆయన తరఫున సమాధానం చెప్పేస్తాం. ఆయన నోటి నుంచి ఏదో ఒకటి వచ్చేదాకా ఉండండి.

ఎక్కువగా వచ్చే జవాబు ఇది: "అదేంది పాపా, మనమంతా ఒక టీమే కదా. నేను చెప్తే ఏమి, నువ్వు చెప్తే ఏమి." దీనికి వాదన పెట్టుకోవద్దు, ఆ మాటనే పట్టుకోండి: "అట్లయితే ఈసారి నేను చెప్తా అన్నా. మీరు పక్కనే ఉండండి." ఎవరు చెప్పినా ఒకటే అన్న మనిషి దీనికి అడ్డం చెప్పలేడు.

"అయ్యో, నీ పేరు చెప్దామనుకున్నా, సార్ తొందర పెట్టినాడు" అన్నాడనుకోండి. నిజమైనా కాకపోయినా ఒప్పుకోండి, పరీక్షించకండి. "సరే అన్నా. అయితే సార్‌కు ఒక మెయిలు పెడతారా, షీటు వివరాలకు నన్ను అడగమని?" అనండి. నిజంగా మరిచిపోయినవాడు ఆ సాయంత్రమే పెడతాడు. వారమైనా పెట్టకపోతే మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

ఒకవేళ ఆయన కోపానికి వచ్చి, "నేను లేకుంటే ఆ షీటు సార్ కంటికే పడేది కాదు" అంటే? నిజం చెప్పాలంటే అందులో కొంచెం న్యాయం ఉంది. ఎనిమిది నెలలు మీరు దాన్ని పైకి చూపించలేదు. "అది మీరు చేసిన సాయమే అన్నా, కాదనను. చేసింది ఎవరో కూడా సార్‌కు తెలియాలి" అని అక్కడితో లేవండి. పది నిమిషాల మాట అరగంట కాకూడదు. కళ్లలో నీళ్లు వస్తే రానివ్వండి, దానికి సిగ్గుపడి మాట మధ్యలో వదిలేసి పోవద్దు. ఒక నిమిషం ఆగి, మిగిలిన వాక్యం పూర్తి చేసి పొండి.

ఆ సాయంత్రం ఆయనకు రెండు లైన్ల మెసేజీ పెట్టండి: "అన్నా, ఈరోజు మాట్లాడుకున్నట్టు మార్చి మీటింగులో షీటు నేను చూపిస్తాను. రూట్లలో మీరు ఏమైనా మార్పులు చెప్పాలంటే బుధవారంలోగా చెప్పండి." ఆయన "ఓకే" అన్నా, బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు. ఏమీ అనకపోయినా మీరు పెట్టిన తేదీ ఉంటుంది.

ఇదంతా అయ్యాక, ఆయన మళ్లీ అదే పని చేస్తే మేనేజరు దగ్గరికి పొండి. ఒక్కసారికి పోవద్దు, ఆయనకు మీరు చెప్పకముందే అసలు పోవద్దు. సార్ అడిగే మొదటి ప్రశ్న "ఆయనతో మాట్లాడావా?" అనే. పోయినప్పుడు కూడా ఆ అన్న గుణం గురించి ఒక్క మాట వద్దు. మీకేం కావాలో అడగండి: "సార్, సర్వీసు షీటు జూన్ నుంచి నేను నడుపుతున్నాను. నా అప్రైజల్‌లో అది నా పనిగా రాయాలనుకుంటున్నాను. మీరు ఒకసారి చూసి సరేనంటే బాగుంటుంది." ఇట్లా అడిగితే ఆయన ఇద్దరిలో ఎవరు మంచి అని తీర్పు చెప్పాల్సిన పని లేదు, ఒక కాగితం చూసి సరే అంటే చాలు. అప్పుడు ఆదివారం రాసుకున్న పేజీ ముందు పెట్టండి, అడిగితే వెర్షన్ చరిత్ర తెరిచి చూపించండి. మీ అప్రైజల్ ఫారంలో సొంతంగా రాసే భాగం ఉంటే, "కంప్లైంట్ల సిస్టమ్ చేశాను" అని ఊరుకోవద్దు. జూన్‌లో 64, జనవరిలో 19, మధ్యలో మీరు మార్చిన మూడు సంగతులు, ఇంతే రాయండి. ఫారం లేని చిన్న సంస్థ అయితే, మార్చి రెండో వారంలోపు ఇదే సంగతి మెయిలుగా పెట్టండి. ఇంక్రిమెంట్ల లెక్క పైకి పోయాక ఎంత మంచి కాగితమైనా వచ్చే ఏడాదికే.

కొన్ని ఆఫీసుల్లో ఇవేవీ పనిచేయవు, అదీ చెప్పాలి. మేనేజరుకు అన్నీ తెలిసే, ఆయన మనిషి అని ఆ అన్నను ముందుకు తోస్తుంటే, మీ పేజీ చూసి "ఇవన్నీ ఎందుకు రాసుకుంటున్నావు?" అంటాడు. ఆ ప్రశ్న విన్నారంటే అక్కడ పేరు కోసం ఇంకో ఏడాది ఖర్చు పెట్టొద్దు. అదే పేజీని రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సంస్థ లెక్కలు లేకుండా మీ బయోడేటాలోకి మార్చుకోండి. డ్రిప్పు సర్వీసులో కంప్లైంట్లను రకాలుగా విడగొట్టి, రూట్లు కట్టిన మనిషి అంటే ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడేంత సరుకుంది. కానీ ఒక సీనియర్ ఒకసారి "నేను" అన్నాడని ఇప్పుడే ఆ నిర్ణయానికి రావద్దు. మార్చి మీటింగు అయ్యేదాకా చూడండి.

ఆ మీటింగుకు మీరు షీటు చూపించేటప్పుడు లింకు నుంచి అసలుదే తెరవండి, కాపీ వద్దు. సార్ కచ్చితంగా అడిగేది "పెండింగు ఎందుకు తగ్గింది?" అని. ఆ అన్న పోయినసారి "సిస్టమ్ పెట్టినాం సార్" అని ఉంటాడు. మీరు ఉప్పు, పాచి, ఇసుక కథ రెండు నిమిషాలు చెప్పండి, ఆగస్టులో లెక్క ఎందుకు పెరిగిందో కూడా దాచకుండా చెప్పండి. దాంతో గదిలో ఎవరికి ఏం తెలుసో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. రంగులు ఆ అన్న వేసినవైతే "ఈ రంగులు అన్న ఐడియా సార్" అనండి, నిజంగా అయితేనే.

చివరిగా ఒకటి అడుగుతాను, మీ ఉత్తరంలో లేదు. డ్రిప్పర్ దగ్గర తెల్లపొర చూసి, ఇది ఉప్పు, దీనికి వేరే పని చేయాలని మీకు మొదట చెప్పింది ఎవరు? ఆఫీసులో కూర్చుని ఎవరికీ అది తట్టదు. మీ మెకానిక్కుల్లో ఎవరో ఒకరు తోటలో నుంచి ఫోన్ చేసి చెప్పి ఉంటారు. ఆ పేజీలో జూలై తేదీ పక్కన ఆయన పేరు రాయండి, మార్చి మీటింగు రోజు ఆయనకు ఫీల్డు వేయకుండా లోపలికి పిలిచి కూర్చోబెట్టండి.